రెండేళ్లుగా వాడుతున్న ఔట్‌లైన్: ఫొటోలో అక్షరాలు మార్చేటప్పుడు దొర్లే ఐదు తప్పులు

నలభై నిమిషాల ప్రసంగం కోసం రాసిన ఈ ఔట్‌లైన్ నా చేతికొచ్చి రెండేళ్లు దాటింది. ఇప్పటికి పద్నాలుగు బ్యాచ్‌లకు దీన్ని పట్టుకునే చెప్పాను. ఫాంట్ కలవకపోవడం, రంగు తేడా రావడం, బోర్డు వాలుగా ఉంటే కొత్త అక్షరం నిటారుగా నిలబడటం, అంచులు మరీ పదునుగా ఉండటం, మళ్లీ మళ్లీ సేవ్ చేసి ఫొటోను పాడుచేసుకోవడం. ఐదు తప్పులూ ఇవే. వీటిలో నాలుగింటి గురించి ఎవరైనా చెబుతారు. నాకు దీనిమీద ఇంత ఇష్టం ఏర్పడింది అంచుల గురించిన ఆ నాలుగో భాగం వల్లే.

కొత్తవాళ్లు ఫాంట్ కోసం అరగంట వెతుకుతారు. దాదాపు అదే ఫాంట్ దొరికినా ఆ అక్షరం ఫొటోమీద అతికించిన స్టిక్కర్‌లా కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకో వాళ్లకు అర్థం కాదు. కెమెరా పట్టిన అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉండదు. నలుపు నుంచి తెలుపుకు వెళ్లే దారిలో కొన్ని బూడిదరంగు పిక్సెళ్లు ఉంటాయి. మనం టైప్ చేసిన అక్షరానికి అలాంటి పిక్సెల్ ఒకటి ఉంటే ఎక్కువ. ఈ ఔట్‌లైన్ ఆ సంగతి ఉపన్యాసంలా చెప్పదు. 800 శాతం జూమ్ చేయించి, పాత అక్షరం అంచు దగ్గర ఎన్ని బూడిద పిక్సెళ్లున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టమంటుంది. ఆ లెక్క అయ్యేసరికి గదిలో అందరికీ విషయం తెలిసిపోతుంది. ఇన్ని బ్యాచ్‌లు గడిచినా ఆ నిమిషం కోసం నేను ఎదురుచూస్తుంటాను.

అయితే నాలుగో బ్యాచ్‌లో ఇదే భాగం నన్ను గట్టిగా దెబ్బతీసింది. ఒక కార్యక్రమం బోర్డు ఫొటో తీసుకున్నాం, వెడల్పు 4000 పిక్సెళ్లు. అందులో 10:30 అని ఉన్న సమయాన్ని 10:45 చేయాలి. పాత అంకెలు చెరిపి, కొత్తవి టైప్ చేసి, ఔట్‌లైన్‌లో రాసినట్టే ఫొటోషాప్‌లో Gaussian Blur 1 పిక్సెల్ ఇచ్చాను. ప్రొజెక్టర్ మీద చూస్తే ఎక్కడా తేడా లేదు. అందరూ బాగుందన్నారు, నేనూ ముందుకు వెళ్లబోయాను. ఇంతలో చివరి వరుసలో ఒకాయన అదే ఫైల్‌ను తన ల్యాప్‌టాప్‌లో 100 శాతం జూమ్‌లో తెరిచి, "సార్, నా దగ్గర 45 మాత్రం పైకి లేచినట్టు కనిపిస్తోంది" అన్నాడు. వెళ్లి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 10 మెత్తగా ఉంది, పక్కనే 45 పదునుగా నిలబడి ఉంది.

కారణం తేల్చడానికి పది నిమిషాలు పట్టింది. ప్రొజెక్టర్ వెడల్పు 1920 పిక్సెళ్లు. 4000 పిక్సెళ్ల ఫొటో అందులో పట్టాలంటే సగానికి తగ్గాలి. అలా తగ్గినప్పుడు పాత అంచూ సన్నబడుతుంది, కొత్త అంచూ సన్నబడుతుంది, రెండింటి మధ్య తేడా కంటికి ఆనదు. అంటే నాలుగో తప్పును చూపించాల్సిన తెరే దాన్ని దాచిపెట్టింది. లెక్కపెడితే పాత అంకె అంచు 5 పిక్సెళ్లు, నేను బ్లర్ 1 ఇచ్చిన అంకె అంచు 3 లోపే. బ్లర్ విలువకు సుమారు రెండున్నర రెట్ల వెడల్పులో అంచు పరుచుకుంటుంది కాబట్టి, లెక్కపెట్టిన పిక్సెళ్లను రెండున్నరతో భాగిస్తే కావాల్సిన విలువ దగ్గరగా వస్తుంది. 5కి 2. ఆ 2 పెట్టగానే 45 కుదురుకుంది. ఔట్‌లైన్‌లో ఉన్న 1 అనే అంకె ఎవరి ఫొటోకో సరిపోయినది, దాన్ని అందరికీ మందులా రాసిపెట్టడం తప్పు. లెక్కపెట్టించడం దాకా వచ్చినవాళ్లు ఆ లెక్కతో ఏం చేయాలో కూడా రాసి ఉండాల్సింది. నా కాపీలో దాన్ని కొట్టేసి భాగహారం రాసుకున్నాను.

బ్లర్ కుదిరాక ఇంకో లోపం బయటపడింది. పాత అంకె లోపలి నలుపు ఒకేలా లేదు, స్వచ్ఛమైన నలుపును 0, తెలుపును 255 అనుకుంటే ఒక పిక్సెల్ 38, పక్కది 46, ఆ పక్కది 41. కొత్త అంకె లోపల అంతా 43. అందుకే నున్నగా, ప్లాస్టిక్‌లా ఉంది. Add Noise 2 శాతం, Monochromatic పెట్టి ఇస్తే పోయింది. ఇక్కడ వరుస ముఖ్యం: ముందు బ్లర్, తర్వాత నాయిస్. తిరగేస్తే వేసిన గరుకునంతా బ్లర్ తుడిచేస్తుంది. టైప్ చేసిన లేయర్‌ను ముందే Smart Object చేసుకుంటే, ఇచ్చిన విలువ చాలకపోతే వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. ఈ రెండు మాటలూ ఔట్‌లైన్‌లో లేవు.

అనుకోని సంతోషం తొమ్మిదో బ్యాచ్‌లో దొరికింది. అదే బోర్డులో 10:30ని 11:30 చేయమన్నాను. అందరూ ఫాంట్ల జాబితా తెరిచారు. ఒక అమ్మాయి మాత్రం 10లో ఉన్న 1నే కాపీ చేసి, చెరిపిన సున్నా స్థానంలో పెట్టి, అంచులకు మెత్తటి మాస్క్ వేసి రెండు నిమిషాల్లో ముగించింది. ఫాంట్, రంగు, వాలు, అంచు, గరుకు అన్నీ ఆ ఫొటోవే కాబట్టి కలపాల్సిన పనే లేదు. తెలుగు అక్షరాల విషయంలో ఇది మరీ అక్కరకొస్తుంది, ఎందుకంటే బోర్డు రాసిన ఫాంట్ దొరకడమే కష్టం. దీనికీ హద్దుంది. బోర్డుమీద వెలుగు ఒక పక్క నుంచి పడుతుంటే, ఎడమ చివర తెలుపు 214 ఉన్నచోటి అక్షరాన్ని కుడి చివర 190 ఉన్నచోట పెడితే దాని చుట్టూ లేత చతురస్రం కనిపిస్తుంది. అప్పుడు Curvesతో ఆ ముక్కను మాత్రం తగ్గించాలి. ఇప్పుడు నా బ్యాచ్‌లలో మొదటి ప్రశ్న ఇదే: కావాల్సిన అక్షరం ఫొటోలోనే ఉందా?

మొదట్లో రంగు భాగాన్ని కూడా బాగా మెచ్చుకునేవాణ్ని. ఫొటోలో స్వచ్ఛమైన నలుపు ఉండదు, ఐడ్రాపర్‌తో పాత అక్షరం రంగే తీసుకోండి అంటుంది. మాట సరైనదే. కానీ ఐడ్రాపర్ Point Sample మీద ఉంటే ఒక్క పిక్సెల్ రంగే వస్తుంది, పైన చెప్పిన 38, 46ల్లో ఏది తగులుతుందో చెప్పలేం. 5 by 5 Average పెట్టమని నేను కలుపుకున్నాక ఆ గొడవ తగ్గింది. సేవ్ గురించిన ఐదో భాగం చిన్నదే అయినా చాలు: లేయర్లున్న ఫైల్ దాచుకుని, జేపెగ్ ఒక్కసారే తీయాలి.

ఔట్‌లైన్ మొదటి వాక్యం మన సొంత బోర్డులు, పోస్టర్ల ఫొటోలే మార్చాలని, రసీదులు, సర్టిఫికెట్ల జోలికి పోకూడదని చెబుతుంది. దాన్ని నేను ఒక్కసారి కూడా వదిలేయలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, నా బ్యాచ్‌లలో పదిమందికి మించరు, అందరి ముందూ కంప్యూటర్ ఉంటుంది, అందుకే లెక్కపెట్టించడం కుదురుతుంది. అయినా నలభై నిమిషాల్లో ఎప్పుడూ పూర్తికాలేదు, నాకు యాభై అయిదు పడుతుంది. ఫోన్లతో వచ్చిన బ్యాచ్ ఒకటుంది. వాళ్లు వాడే యాప్‌లో అక్షరానికి విడిగా బ్లర్ ఇచ్చే వీలు లేదు. వాళ్లకు నాలుగో భాగాన్ని జూమ్ చేసి చూపించడంతో ఆపి, మిగిలిన సమయమంతా కాపీ పద్ధతికే ఇచ్చాను.