కంపెనీ ట్రస్టు పెన్షనా, ఎల్‌ఐసీ యాన్యుటీనా?

కావలిలో మా బాబాయికి రిటైర్మెంట్ రోజున ఎదురైన ప్రశ్న ఇదే. కంపెనీ ట్రస్టు ఇస్తానన్నది నెలకు 10,000. అదే డబ్బుతో ఎల్‌ఐసీలో యాన్యుటీ, అంటే ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం నెలనెలా పొందే పెన్షన్, కొంటే 8,500.

ట్రస్టు: ఎక్కువ వస్తుంది. కానీ వార్షిక నివేదికలో ట్రస్టు ఇవ్వాల్సిన ప్రతి 100 రూపాయలకు నిధిలో ఉన్నవి 60 మాత్రమే. కంపెనీ దివాలా తీస్తే, 2016 దివాలా చట్టం ప్రకారం పెన్షన్ నిధిలో ఉన్న డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు. లేని ఆ 40 సంగతే టెన్షన్. దానికోసం, దివాలా తీసిన కంపెనీ ఆస్తులు అమ్మి పంచే లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ వేసి ఎదురుచూడాలి. ఉన్నది అందరికీ ఒకే నిష్పత్తిలో పంచితే చేతికొచ్చేది సుమారు 6,000.

యాన్యుటీ: తక్కువే, మామూలుగా ఏటా పెరగదు. ఒకసారి కొన్నాక కంపెనీ మూతపడినా ఆగదు.

నిధి నూటికి నూరు దగ్గరుంటే ట్రస్టు మేలు. బాబాయిలా పెన్షన్‌తోనే ఇల్లు గడవాల్సినవాళ్లు, నిధిలో ఇంత లోటు కనిపిస్తే, 8,500 తీసుకోవాలి.