ఫోటో డౌట్ ప్యాక్ కొనబోతున్నారా? కావలి, ఒంగోలు పేరెంట్స్ జాగ్రత్త

మన గ్రూపుల్లో తిరుగుతున్న ఆ 499 రూపాయల ప్యాక్ గురించే. లెక్క ఫోటో తీసి పంపితే సార్లు చేసి పంపిస్తారని కట్టాను. ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

పాపకిచ్చిన లెక్క అగ్గిపుల్లల బొమ్మలు. మొదటిది ఒక్క చతురస్రం, 4 పుల్లలు. రెండోది రెండు వరసలు, రెండు నిలువులు ఉన్న గడి, 12 పుల్లలు. మూడోది మూడు బై మూడు. nవ బొమ్మకి ఎన్ని పుల్లలో సూత్రం రాయాలి. ఫోటోలో మూడు బొమ్మలూ స్పష్టంగా ఉన్నాయి.

వచ్చిన జవాబు 8n − 4. పట్టికలో 4, 12, 20 అని రాశారు. మూడో బొమ్మలో పాప వేలు పెట్టి లెక్కపెడితే 24 వచ్చాయి. చుట్టూ అంచుకే 12, లోపల ఇంకో 12. అంటే ఆ సార్ మూడో బొమ్మ చూడనే లేదు. మొదటి రెండిటి తేడా 8 చూసి, 12కి ఇంకో 8 కలిపి 20 అని రాసేశాడు. లెక్కపెట్టని సంఖ్యని లెక్కపెట్టినట్టు పట్టికలో పెట్టడం, అదీ చదువుకునే పిల్లకి!

ఫోన్ చేస్తే ఆయన మాట ఇది: "ఏందమ్మా, ఫోటో వంకరగా తీసి మమ్మల్నంటే ఎట్టా? మళ్ళీ చూడాలంటే ఇంకో క్రెడిట్ కట్టండి." పాప పక్కనే ఉంది. తను తీసిన ఫోటో వల్లే తప్పు వచ్చిందేమోనని దాని మొహం వాడిపోయింది. నాకు ఆ మాటే ఇంకా చెవుల్లో ఉంది. డబ్బు వెనక్కివ్వరంట.

చివరికి మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల సార్ దగ్గరికెళ్ళాం. అడ్డపుల్లలు, నిలువుపుల్లలు విడివిడిగా చూడమన్నారు. మూడో బొమ్మలో అడ్డగీతలు 4, ఒక్కోదాంట్లో 3 పుల్లలు, మొత్తం 12. నిలువుగీతలకీ అంతే. nవ బొమ్మలో అడ్డగీతలు n + 1, ఒక్కోదాంట్లో n పుల్లలు. నిలువు కూడా కలిపితే 2n(n + 1). n = 3 పెడితే 24 వచ్చేసింది. తేడాలు 8, 12, 16 అని పెరుగుతూ పోతాయి కాబట్టి n పక్కన ఒక అంకె పెట్టి ఊరుకుంటే ఇది ఎప్పటికీ కుదరదన్నారు. పదో బొమ్మకి వాళ్ళ సూత్రం 76 ఇస్తుంది, అసలు జవాబు 220.

రెండు బొమ్మలకి సరిపోయే సూత్రాలు ఎన్నైనా ఉంటాయి. మూడు సరిపోయినా, బొమ్మలో పుల్లలు ఎట్టా పెరుగుతున్నాయో చెప్పలేని సూత్రాన్ని నమ్మొద్దు.

ఇంకా కట్టనివాళ్ళు ముందు ఇదే బొమ్మ పంపి నాలుగోదానికి ఎన్ని పుల్లలో అడగండి. 40 అని, ఎట్టా వచ్చిందో రాసి పంపితే చూడండి. 28 అంటే కట్టొద్దు.