68 శాతం పట్టీనా, 95 శాతం పట్టీనా?

మిర్యాలగూడలో ఎనిమిదో తరగతి అమ్మాయికి లెక్కల్లో 62 వచ్చిందనుకుందాం. 55 లోపు వస్తే అదనపు క్లాసులు. క్లాసు మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 10, ఫలితం ఎంత నిలకడగా వస్తుందో చెప్పే పరీక్ష విశ్వసనీయత 0.84. అంటే ఒక్కో మార్కులో ఉండగల పొరపాటు, కొలత ప్రామాణిక దోషం, 10 × √(1 − 0.84) = 4.

ఆమె అసలు మార్కు ఉండగల పరిధే పట్టీ. 62కి ఒక దోషం అటూ ఇటూ తీసుకుంటే 58–66, ఇది 68 శాతం పట్టీ. "గట్టెక్కింది" అంటారు సార్. కానీ ఇలాంటి పట్టీలు వందలో దాదాపు 32 సార్లు అసలు మార్కును పట్టుకోలేవు.

దోషానికి 1.96 రెట్లు తీసుకుంటే 95 శాతం పట్టీ, దాదాపు 54–70. ఇప్పుడు 55 లోపలికొచ్చేసింది! క్లాసులు తప్పించే ముందు నేనైతే దీన్నే చూస్తాను, ఇంకో టెస్టు పెడతాను. ఇబ్బందల్లా, ఇంత వెడల్పు పట్టీతో 60కీ 65కీ తేడా చెప్పలేకపోవడం. పైగా ఆ 4 సగటు దోషమే. మరీ తక్కువ, మరీ ఎక్కువ మార్కుల దగ్గర అది మారుతుంది.