కాజీపేటలో దిగాలా, వరంగల్‌లో దిగాలా?

సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలుకు ముందు కాజీపేట, ఆ తర్వాత వరంగల్ వస్తాయి. పట్టాల మీద రెండింటి మధ్య దూరం 10 కిలోమీటర్లే, రైలుకు పది పదిహేను నిమిషాల పని. రోడ్డు మీద అదే దూరం ఆటోలో సాయంత్రం పూట అరగంట దాటుతుంది, ఎందుకంటే కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ కలిసిపోయి ఒకే ఊరైనా ట్రాఫిక్ అంతా ఆ ఒక్క ప్రధాన రోడ్డు మీదే నడుస్తుంది. తప్పు స్టేషన్‌లో దిగితే నష్టం అక్కడే.

టికెట్ తీసుకునేటప్పుడే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనం వచ్చే దిక్కు నుంచి చూస్తే ఏ స్టేషన్ దూరమో దాని పేరు మీద టికెట్ తీసుకోవాలి. సికింద్రాబాద్ నుంచి వచ్చేవారికి అది వరంగల్, విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి కాజీపేట. దూరపు స్టేషన్‌కు టికెట్ ఉంటే ముందు స్టేషన్‌లో దిగడానికి ఎవరూ అడ్డు చెప్పరు, కాకపోతే ఆ టికెట్ అక్కడితో అయిపోతుంది. సాయంత్రం ఇంకో రైల్లో మిగతా దూరం పోతామంటే కుదరదు. అదే కాజీపేట వరకే టికెట్ ఉండి వరంగల్‌లో దిగితే, ముందుగా టీటీఈకి చెప్పి పొడిగించుకోకపోతే, టికెట్ లేనట్టే లెక్క. అదనపు ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా కట్టాలి. 10 కిలోమీటర్ల ఛార్జీ మిగుల్చుకోబోయి ఇది కొనితెచ్చుకోవద్దు.

ఇక ఎక్కడ దిగాలో మనం పోయే చోటును బట్టి ఉంటుంది. నిట్, ఫాతిమానగర్, కాజీపేట దర్గాకు కాజీపేటే. వరంగల్‌లో దిగి నిట్‌కు వెళ్తే ఊరంతా దాటి వెనక్కి వచ్చినట్టే. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ, ఖిలా వరంగల్, ఎనుమాముల మార్కెట్‌కు వరంగల్. పేషెంటును ఎంజీఎంకు తీసుకొచ్చేవాళ్లు తొందరలో కాజీపేటలో దిగేస్తే, మనిషిని ఆటోలో కూర్చోబెట్టి హన్మకొండ చౌరస్తా సిగ్నళ్లన్నీ దాటించాలి. ఆ పది నిమిషాలు బెర్త్ మీదే పడుకోబెట్టి తీసుకురావడం మేలు.

వేయి స్తంభాల గుడి, హన్మకొండ బస్టాండ్ ఇంచుమించు మధ్యలో పడతాయి. పగటిపూట సికింద్రాబాద్ నుంచి వస్తే కాజీపేటలో దిగండి, రైల్లో ముందుకు పోయి మళ్లీ రోడ్డు మీద వెనక్కి వచ్చే పని ఉండదు. రామప్పకు పోవాలన్నా హన్మకొండ బస్టాండ్‌లో ములుగు బస్సు పట్టుకోవాలి కాబట్టి ఇదే లెక్క. రాత్రి పొద్దుపోయాక, సామాను ఎక్కువున్నప్పుడు మాత్రం వరంగల్ నయం.

తిరుగు ప్రయాణంలో ఇంత వెసులుబాటు ఉండదు. దిగే చోటు రైల్లో కూర్చుని తేల్చుకోవచ్చు, ఎక్కే చోటు ముందే తేల్చుకోవాలి. వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు రిజర్వేషన్ ఉండి, బస నిట్ దగ్గర ఉందనుకోండి. చెప్పకుండా కాజీపేటలో ఎక్కితే, అప్పటికే టీటీఈ మీరు రాలేదని రాసుకుని బెర్త్ వేరేవాళ్లకు ఇచ్చి ఉండవచ్చు. అందుకే ఐఆర్‌సీటీసీలో బుక్ చేసిన టికెట్ తెరిచి `Change Boarding Point` నొక్కి, కాజీపేట కోడ్ `KZJ` ఎంచుకోవాలి. రైలు బయలుదేరడానికి 24 గంటల ముందే చేసుకుంటే ఇబ్బంది ఉండదు. ఛార్జీలో తేడా వెనక్కి రాదు. మార్చాక వరంగల్‌లో ఎక్కే హక్కు పోతుంది, ఎక్కితే జరిమానా. ఈ మార్పు ముందుకే చెల్లుతుంది. కాజీపేట నుంచి తీసుకున్న సికింద్రాబాద్ టికెట్‌తో వరంగల్‌లో ఎక్కడానికి వీల్లేదు. జనరల్ టికెట్ అయితే ఏ స్టేషన్‌లో ఎక్కుతారో అక్కడి నుంచే కొనండి.

ఇదంతా రెండు చోట్లా ఆగే రైళ్ల సంగతి. ఢిల్లీ వైపు నుంచి బల్హార్షా మీదుగా వచ్చే రైళ్లలో చాలావాటికి ఈ ఎంపికే ఉండదు. హైదరాబాద్‌కు పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి పడమరకు తిరుగుతుంది, వరంగల్ ముఖమే చూడదు. చెన్నై పోయే తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌కు కాజీపేటలో ఆగే పనిలేదు, వరంగల్‌లో ఆగుతుంది. మంచిర్యాల నుంచి వచ్చేవాళ్లు పొరపడేది ఇక్కడే. బుక్ చేసేటప్పుడు రైలు పేరు పక్కన `KZJ` ఉందో, వరంగల్ కోడ్ `WL` ఉందో చూసుకోండి, ఆటో ఖర్చు ఆ అక్షరాలను బట్టే ఉంటుంది.