అప్‌డేట్ ఎక్కని 32 జీబీ ఫోన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇది ఏలూరులో మా అమ్మ వాడుతున్న ఫోన్. కొని నాలుగేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే ఇబ్బంది 32 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్ ఏది కొన్నా రావచ్చు. మాట స్పష్టంగా వినిపిస్తుంది, తెర బాగుంది, బ్యాటరీ ఇప్పటికీ సాయంత్రం దాకా నిలుస్తుంది. ఫోన్ పక్కన పడేయాలా వద్దా అన్న ఆలోచన ఒక్క విషయంలోనే వచ్చింది. యాప్‌లు ఎక్కవు, ఉన్నవి అప్‌డేట్ కావు.

32 జీబీలో దాదాపు పది ఫోన్ సిస్టమే తీసుకుంది, మాకు మిగిలింది 22. మొదటి రెండేళ్లు ఏ గొడవా లేదు. మూడో ఏడు ఒకరోజు బ్యాంకు యాప్ తెరవబోతే, కొత్త వెర్షన్ వేసుకుంటేనే పనిచేస్తానంది. ప్లే స్టోర్‌లోకి వెళ్తే స్థలం చాలదంది. సెట్టింగ్స్‌లో చూస్తే 640 ఎంబీ ఖాళీ కనిపిస్తోంది, అప్‌డేట్ మాత్రం 95 ఎంబీయే. మరి ఎందుకు చాలదు? నాకు చాలాసేపు అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది, ఆ 640 మొత్తం మనది కాదని. ఫోన్ మొరాయించకుండా ఆండ్రాయిడ్ కొంత స్థలాన్ని తనకోసం అట్టేపెట్టుకుంటుంది. మామూలుగా అది మొత్తంలో 5 శాతం లేదా 500 ఎంబీ, రెండింటిలో ఏది తక్కువైతే అంత. 22 జీబీలో 5 శాతం అంటే 1.1 జీబీ, కాబట్టి మాకు వర్తించేది 500. అంటే నిజంగా వాడుకోగలిగింది 140 ఎంబీ. పోనీ 95కి అది చాలదా అంటే చాలదు. దిగుమతి అయ్యేది కుదించిన రూపం, విప్పితే పెరుగుతుంది. కొత్తది పూర్తిగా కూర్చునేదాకా పాతదాన్ని తీసేయరు, కాబట్టి కాసేపు రెండూ పక్కపక్కనే ఉండాలి. దానికితోడు యాప్ వేగంగా తెరుచుకోవడానికి ఫోన్ తయారుచేసుకునే ఫైళ్లు కూడా ఉంటాయి. అప్పటినుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది: అప్‌డేట్ సైజుకు మూడింతలు, దానిపైన 500 ఎంబీ. అంత ఖాళీ ఉన్నప్పుడు స్థలం చాలదని ఈ ఫోన్‌లో ఇప్పటిదాకా ఏ అప్‌డేటూ ఆగలేదు.

స్థలం కోసం అమ్మ ఒక పూటంతా కూర్చుని ఫొటోలు తీసేసింది. మర్నాడు ఫోన్ చేసింది. "నాన్నా, మళ్లీ చాలదంటోందిరా. నిన్న మూడొందల ఫొటోలు తీసేశాను కదా!" ఆమె గొంతు వింటే బాధేసింది. అందులో మనవరాలి ఫొటోలు కూడా ఉన్నాయి. అవి నిజానికి ఎక్కడికీ పోలేదు, గ్యాలరీలోని ట్రాష్‌లోనే ఉన్నాయి. తీసేసినవి అందులో సాధారణంగా 30 రోజులు ఉంటాయి, అన్నాళ్లూ స్థలం ఖాళీ కాదు. తీసేయకముందు, తీసేశాక సెట్టింగ్స్‌లో ఖాళీ అంకె ఒకటే ఉందంటే కారణం ట్రాష్ అని వెంటనే అనుమానించాలి. మనవరాలి ఫొటోలు వెనక్కి తెచ్చి, మిగతావి పూర్తిగా తుడిచి ట్రాష్ ఖాళీ చేశాం. వచ్చింది 900 ఎంబీ.

అసలు స్థలం తిన్నది వాట్సాప్. 7 జీబీ! అందులో సెట్టింగ్స్, ఆపైన స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ దాకా వెళ్తే ఏ గ్రూపు ఎంత తింటోందో వరుసగా చూపిస్తుంది. బంధువుల గ్రూపు ఒక్కదాంట్లోనే 3 జీబీ వీడియోలున్నాయి. అక్కడినుంచి తీసేస్తే చాట్‌లు అలాగే ఉంటాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్థలం కోసం వాట్సాప్‌నే తీసేసి మళ్లీ వేసుకోమని కొందరు సలహా ఇస్తారు. బ్యాకప్ చూసుకోకుండా ఆ పని చేయొద్దు, మాటలన్నీ పోతాయి.

కంప్యూటర్ దగ్గరున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ అనే టూల్ వేసుకుని, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ కలిపి ఈ ఆదేశం ఇస్తే, 4 జీబీ ఖాళీ అయ్యే వరకు యాప్‌ల క్యాష్, అంటే అవి తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు, తుడవమని చెప్పినట్టు.

```
adb shell pm trim-caches 4G
```

తుడిచేది క్యాష్ వరకే, లాగిన్‌లు, సందేశాలు పోవు. క్యాష్ తక్కువుంటే వచ్చేదీ తక్కువే. పని అయ్యాక డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మరవకూడదు, అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ప్లే స్టోర్ క్యాష్ తుడవమని అందరూ చెప్తారు గానీ, మాకు దానివల్ల ఒరిగింది చాలా తక్కువ. మెమరీ కార్డు కూడా వేశాం. ఫొటోలు దానిలోకి వెళ్లాయి, అంతవరకు మేలే. యాప్‌లు మాత్రం లోపలి స్థలంలోనే కూర్చున్నాయి.

రెండో గొడవ ఇంకా తిప్పలు పెట్టింది. అమ్మ భజనలు వినే పాటల యాప్ అప్‌డేట్ కావడం మానేసింది. ఈసారి 3 జీబీ ఖాళీ ఉంది. ప్లే స్టోర్ కారణం చెప్పకుండా ఇన్‌స్టాల్ కాదంది. ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఏపీకే ఫైల్ ఎవరో పంపితే, దాన్ని నొక్కినప్పుడు వచ్చిన మాట ఇది:

```
App not installed as package conflicts with an existing package.
```

ప్రతి యాప్‌కీ ఒక ప్యాకేజీ పేరు, తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటాయి. అదే పేరుతో కొత్తది వచ్చినప్పుడు సంతకం కూడా పాతదానితో కలవాలి. కలవకపోతే ఫోన్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. లేకపోతే ఎవరైనా మన బ్యాంకు యాప్ పేరుతో నకిలీ చేసి, అసలుదాని మీద ఎక్కించి, లోపలి సమాచారం లాగేసేవాళ్లు. కాబట్టి బయటినుంచి వచ్చిన ఫైల్‌కి ఈ సందేశం కనబడితే ముందు ఆ ఫైల్‌నే అనుమానించాలి.

మా సంగతిలో తేడా సంతకం ఉన్నది ఫోన్‌లో ఉన్నదానికే. రెండేళ్ల కిందట పక్కింటి కుర్రాడు ప్రకటనలు రావని చెప్పి, ఎవరో మార్చిన కాపీ వేసిచ్చాడట. సరే, తీసేసి ప్లే స్టోర్ నుంచి వేద్దామనుకున్నాం. తీసేశాం. ఐకాన్ పోయింది. మళ్లీ అదే జవాబు! లేని యాప్‌తో గొడవేమిటో తెలియక ఆ రాత్రి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. చివరికి కంప్యూటర్‌కి కలిపి ఇది చూశాను:

```
adb shell pm list users
```

Users అన్న శీర్షిక కింద ఒక్క వరుస రావాల్సిన చోట రెండొచ్చాయి. 0 అన్నది అమ్మది, 999 అన్నది ఒకే యాప్‌ని రెండు కాపీలుగా వాడుకునే డ్యుయల్ యాప్స్‌ది. ఆ కుర్రాడు పాటల యాప్‌కి జంట కాపీ కూడా పెట్టాడన్నమాట. ఇలాంటప్పుడు డేటా వేరువేరుగా ఉన్నా, యాప్ మాత్రం ఫోన్ మొత్తానికి ఒక్కటే. ఒకవైపు తీసేసినా రెండోవైపు ఉన్నంతకాలం పాత సంతకం అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో డ్యుయల్ యాప్స్‌కి వెళ్లి ఆ యాప్ స్విచ్ ఆఫ్ చేశాను. ఈసారి ప్లే స్టోర్‌లో ఒక్క నొక్కుకి ఎక్కింది. అమ్మ పెట్టుకున్న పాటల జాబితా మాత్రం పోయింది, దాన్ని మళ్లీ ఒక్కొక్కటీ చేర్చి ఇచ్చాను. తీసేయక ముందే ఆ జాబితాను ఫొటో తీసుకుని ఉంటే ఎంతో పని తప్పేది.

కొత్తగా కొనేవాళ్లకు నా మాట: 32 జీబీ వద్దు, ఎంత తక్కువకిస్తామన్నా వద్దు. బ్యాంకు, వాట్సాప్, గ్యాస్ బుకింగ్ ఉంటే చాలనుకునేవాళ్లు కూడా 128 చూడండి. ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు దాన్ని పడేయనక్కర్లేదు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపి, నెలకోసారి ట్రాష్ ఖాళీ చేస్తున్నాం. అమ్మ ఫోన్‌లో ఇప్పుడు ఎప్పుడూ 2 జీబీ పైనే ఖాళీ ఉంటోంది. పోయిన ఆదివారం బ్యాంకు యాప్ మళ్లీ అప్‌డేట్ అడిగితే, నన్ను పిలవకుండా తనే చేసుకుంది.