ఆరేళ్లు వాడాక చెబుతున్నా: నా గొడవంతా డీఫ్రాస్ట్ బటన్‌తోనే

ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆరేళ్లుగా రోజూ వాడుతున్న ఈ మైక్రోవేవ్‌లో నన్ను విసిగించింది ఒక్కటే, డీఫ్రాస్ట్. కొన్న కొత్తలో ఆ బటన్‌ని తెగ పొగిడి ఇద్దరు ముగ్గురి చేత ఇదే కొనిపించాను కూడా.

ఒక రాత్రి ఆకలితో ఇంటికొచ్చి, లోతైన డబ్బాలో గడ్డకట్టి ఉన్న సూప్‌ని లోపల పెట్టాను. ఓపిక లేక డీఫ్రాస్ట్ కాకుండా ఫుల్ పవర్ నొక్కాను. నాలుగు నిమిషాలకు అంచులు కుతకుత ఉడికి మూత మీదికి చిందాయి. చెంచా గుచ్చితే మధ్యలో రాయిలాంటి గడ్డ. మర్నాడు డీఫ్రాస్ట్‌లో పెట్టినా కాస్త తేడాతో అదే తంతు. మెషీన్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలిచాను.

ఆయన మూత కూడా విప్పలేదు. "మెషీన్‌కేం కాలేదండీ. ఒక గ్లాసులో నీళ్లు, ఇంకో గ్లాసులో అంతే బరువు ఐసు పెట్టి నిమిషం తిప్పండి, మీకే తెలుస్తుంది" అన్నాడు. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన, తడిలేని ఐసు 200 గ్రాములు, పక్కన 200 గ్రాముల నీళ్లు పెట్టాను. నిమిషం తర్వాత నీళ్లు వేడెక్కాయి. ఐసు గ్లాసు అడుగున చెంచాడు తడి మాత్రమే ఉంది.

ఐసు కరగడానికి ఎక్కువ వేడి కావాలి కదా, అందుకే అయ్యుంటుంది అని వాదించుకున్నాను. లెక్క వేస్తే కుదరలేదు. 700 వాట్లు నిమిషం పాటు అంటే 42 కిలోజౌళ్లు. అందులో సగమే ఐసుకు దక్కిందనుకున్నా, మైనస్ 18 డిగ్రీల నుంచి సున్నాకి రావడానికి ఏడెనిమిది పోగా, మిగిలినదానితో 40 గ్రాములు కరగాలి. కరగలేదంటే ఐసుకు దాని వాటా అసలు అందనే లేదన్నమాట.

కారణం నీటి అణువులోనే ఉంది. దాని ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఇలా రెండు కొసలున్నదాన్ని డైపోల్ అంటారు. విద్యుత్ క్షేత్రంలో పెడితే అది క్షేత్రం దిశకు తిరగాలని చూస్తుంది. ఓవెన్‌లోని తరంగం 2.45 గిగాహెర్ట్జ్‌ది కాబట్టి క్షేత్రం సెకనుకు 490 కోట్ల సార్లు దిశ మారుస్తుంది. అణువులు బొంగరాల్లా గిరగిరా తిరిగిపోతాయని మాత్రం అనుకోకండి. ప్రతి అణువూ పక్కవాటితో బంధాలు తెంచుకుంటూ, ఢీకొంటూ కొద్దికొద్దిగా ఒరుగుతుంది. అది ఒరిగేలోపే క్షేత్రం ఇంకాస్త మారిపోతుంది. ఇలా ఎప్పుడూ ఒక అడుగు వెనకబడటం వల్లే తరంగం నుంచి శక్తి చేజారి, అణువుల కుదుపుగా మారుతుంది. మనకు తెలిసే వేడి ఆ కుదుపే. (2.45 దగ్గర నీళ్లకు ఏదో ప్రత్యేకమైన అనునాదం ఉందని చాలామంది అంటారు. లేదు. మామూలు వేడిలో ఉన్న నీళ్లు అత్యధికంగా వెనకబడేది సుమారు 20 గిగాహెర్ట్జ్ దగ్గర.)

ఐసులో అవే అణువులు, అవే డైపోల్‌లు. కానీ ఒక్కోదాన్నీ నలుగురు చుట్టూ చేతులు పట్టేసుకున్నట్టు బంధాలు బిగించేస్తాయి. ఒకసారి దిశ మారడానికి సుమారుగా సెకనులో పదివేలో వంతు పడుతుంది. ఆలోపు క్షేత్రం లక్షల సార్లు అటూ ఇటూ మారిపోతుంది. అణువు కదలడమే మొదలుపెట్టదు, కదలనిది వెనకబడేదేముంది? తరంగం ఐసులోంచి దాదాపు అద్దంలోంచి వెలుతురు వెళ్లినట్టు వెళ్లిపోతుంది.

నా సూప్ కథ ఇక్కడే తేలింది. అంచు దగ్గర మొదట చెంచాడు కరుగుతుంది. ఆ చెంచాడే వచ్చిన శక్తినంతా తాగేస్తుంది, ఇంకొంచెం కరిగిస్తుంది, ఆ కరిగింది మరీ తాగుతుంది. నీళ్లలో తరంగం రెండు సెంటీమీటర్లు దాటేసరికే చాలావరకు నీరసించిపోతుంది కాబట్టి, చుట్టూ నీళ్లు చేరాక మధ్యలోని గడ్డకు మిగిలేది తక్కువ. డీఫ్రాస్ట్‌లో మెషీన్ కాసేపు గూంమని మోగి, కాసేపు ఊరుకుని పళ్లెం మాత్రం తిప్పేది ఇందుకే. ఆ ఊరుకున్న సమయంలో అంచు వేడి మెల్లగా లోపలికి పాకుతుంది. ఆ విరామాన్ని సోమరితనం అనుకుని ఇన్నాళ్లూ తిట్టాను.

కాబట్టి కోపం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒక వేలు మందాన పలచగా గడ్డకట్టించినవి బాగానే కరుగుతున్నాయి. లోతైన డబ్బాలోవైతే మధ్యలో రెండుసార్లు ఆపి, కరిగిన నీళ్లు వంపేసి, గడ్డ విడగొట్టాల్సిందే. ఒంటరిగా ఉంటాను, వంట కొంచెమే కాబట్టి నాకు సరిపోతోంది. నలుగురికి సరిపడా గడ్డలు రోజూ కరిగించే ఇల్లయితే ఈ బటన్ చూసి కొనమని మాత్రం ఇప్పుడు చెప్పను. నేను కొనిపించిన ముగ్గురిలో ఒకరు ఇంకా ఫుల్ పవర్‌లోనే పెడుతున్నారు.