కూనిరాగం తీసి పాట వెతకడం: నాలుగేళ్లు వాడాక

కడప చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయిస్తాను. స్టేజీ దగ్గరికొచ్చి పాట పేరు చెప్పేవాళ్లు తక్కువ. "అబ్బీ, తాన తానా అని వస్తాది చూడు, అది వాయించు" అనేవాళ్లే ఎక్కువ. అందుకే కూనిరాగం వినిపిస్తే పాట పట్టిచ్చే సదుపాయం నాకు బాగా అవసరమైంది. గూగుల్ దీన్ని 2020 అక్టోబరులో తెచ్చింది, ఇప్పుడు వేరే యాప్‌లలోనూ ఉంది. నాకు ఎదురైన ఇబ్బందులు ఫలానా యాప్‌వి కావు. చాలావరకు నా గొంతువే.

వాడడం సులువు. మైకు గుర్తు నొక్కి, పాట వెతికే మీట ఎంచుకుని, పది పదిహేను సెకన్లు రాగం తీయాలి. నాలుగైదు పాటలు చూపించి, ఏది ఎంత శాతం కలిసిందో పక్కనే వేస్తుంది.

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతురి జేజి ఒక పాత సినిమా పాట అడిగింది. పేరు గుర్తు లేదు, మాటలూ గుర్తు లేవు. ఆమె పాడితే నేర్చుకుందామని ముందు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తర్వాత నేనే రాగం తీసి మూడుసార్లు వెతికాను. మూడుసార్లూ వేరే వేరే పాటలు, అవీ అరకొర శాతాలతో. జేజికి ఓపిక నశించింది. "ఇట్ల తే అబ్బీ" అని ఫోన్ లాక్కుని, పళ్ళు లేని నోటితోనే రాగం తీసింది. మొదటి వరుసలోనే పాట వచ్చేసింది. పక్కన మా తబలా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంటికొచ్చాక కారణం చూద్దామని శృతి చూపించే యాప్‌లో రెండు గొంతులూ పెట్టాను. జేజి షడ్జమం, అంటే 'స', 205 హెర్ట్జ్ దగ్గర ఉంది, ఐదున్నర శృతికి కాస్త కింద. కీబోర్డులో ఏ మెట్టుకూ సరిగ్గా తగలదు. కానీ ఆమె పంచమం, అంటే 'ప', 307 దగ్గర పడింది. అంటే షడ్జమానికి ఒకటిన్నర రెట్లు, ఉండాల్సినచోటే ఉంది. నా షడ్జమం 130, ఒకటో శృతికి దాదాపు సరిగ్గా ఉంది. ఆ లెక్కన పంచమం 195 ఉండాలి. నాది 184 చూపించింది. అది పంచమం కాదు, దానికి ఒక మెట్టు కిందుండే ప్రతిమధ్యమం! పాటలో పదే పదే వచ్చే స్వరమే అది. నాకు మాత్రం పంచమమే పాడినట్టు వినిపించింది. మనసులో అసలు పాట మోగుతుంటే మన చెవి మన తప్పును సర్దేసుకుంటుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ టూల్ మన గొంతు తీరును, మాటలను, వాద్యాలను పక్కన పెట్టి, స్వరం ఎప్పుడు ఎంత ఎక్కింది, ఎంత దిగింది అన్న నడకను అంకెల వరుసగా మార్చుకుంటుంది. పాటల నుంచి ముందే తీసి పెట్టుకున్న వరుసలతో దాన్ని పోల్చి చూస్తుంది. అందుకే మొత్తం పాటను రెండు శృతులు కిందకు దించి పాడినా ఇబ్బంది లేదు. స్వరాల మధ్య దూరం మారనంతవరకు నడక అదే. మధ్యలో దూరం మారితే మాత్రం అది వేరే పాట నడక అవుతుంది. (హోటల్లో మోగుతున్న పాటను పట్టే యాప్‌లది వేరే దారి. అవి ఆ రికార్డింగ్ గుర్తులనే వెతుకుతాయి కాబట్టి కూనిరాగం వాటికి పనికిరాదు.)

నాకు ఇంకో జబ్బుంది. ప్రతి ఊపిరికీ శృతి కాస్త జారుతుంది. నాలుగో వాక్యానికి నేను షడ్జమం అనుకునేది మొదటి వాక్యంలోని నిషాదం దగ్గర ఉంటుంది. చరణం పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతు అందక కింది స్థాయిలోకి దిగిపోతాను. పెళ్ళిలో జనం దాన్ని పట్టించుకోరు గానీ, ఎక్కాల్సిన చోట దిగితే వెతుకులాటలో ప్రతిసారీ తప్పింది. ఇప్పుడు కావాలనే తక్కువ శృతిలో మొదలుపెట్టి, ఒక్క పల్లవి మాత్రం, గమకాలు లేకుండా "న న న" అని విడివిడిగా పాడుతున్నాను. నోరు మూసుకుని తీసిన రాగం కన్నా ఇది ఎక్కువసార్లు కలిసింది.

గొంతు సరిగ్గా ఉన్నా తప్పే పాటలున్నాయి. మా వైపు చెక్కభజన పాటలు చాలావరకు దొరకవు, పోల్చడానికి అటువైపు వరుసే లేకపోతే ఎవరు పాడినా అంతే. ఒకే రాగంలో ఒకే తీరుగా మొదలయ్యే సినిమా పాటలు నాలుగైదు కలిసి వస్తే వాటిలోంచి మనమే ఏరుకోవాలి.

ఈమధ్య కీబోర్డులో వేణువు స్వరం పెట్టి, ఒక్కో మెట్టు నొక్కుతూ ఫోన్‌కు వినిపిస్తున్నాను. నా వేళ్ళు శృతి జారవు కదా. కీబోర్డు దగ్గర లేనప్పుడు మా తబలా ఆయన "జేజికి ఫోన్ చెయ్" అంటాడు. రెండుసార్లు నిజంగానే చేశాను.